క్యామ్ రికన్సిలియేషన్ స్టేట్‌మెంట్‌ని లీజుతో సరిచూసిన తీరు: నా అనుభవం

డల్లాస్ శివార్లలోని ఒక స్ట్రిప్ సెంటర్‌లో, అంటే ఒకే పార్కింగ్ లాట్ ముందు వరసగా దుకాణాలున్న సముదాయంలో, మనవాళ్ళ మిఠాయి దుకాణం ఉంది. 2025 ఏప్రిల్‌లో ఆ దుకాణానికి ల్యాండ్‌లార్డ్ తరఫు మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి ఒకే ఒక్క పేజీ కాగితం వచ్చింది. 2024 సంవత్సరానికి క్యామ్, పన్ను, ఇన్సూరెన్స్ లెక్కలు తేల్చామని, ఇంకా 6,016 డాలర్ల 67 సెంట్లు బాకీ ఉందని, ముప్పై రోజుల్లో కట్టాలని దాని సారాంశం. అదే కాగితం అడుగున ఇకమీదట నెలనెలా కట్టాల్సిన ఎస్టిమేట్‌ని 1,350 నుంచి 1,739 డాలర్లకు పెంచినట్టు మరో లైన్ ఉంది. ఇలాంటి దుకాణాల లెక్కలు చూడటం నా పని కాబట్టి ఆ కాగితం నా దగ్గరికి వచ్చింది. దాన్ని ఏ వరసలో చూశానో, ఏది ఎక్కడ దొరికిందో ఇక్కడ రాస్తున్నాను. సులువుగా అర్థం కావడానికి అంకెల్ని గుండ్రం చేశాను. లీజు షరతుల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టే చెబుతున్నాను.

ఈ పద్ధతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. అమెరికాలో స్ట్రిప్ సెంటర్ లీజులు చాలావరకు ట్రిపుల్ నెట్. అసలు అద్దె కాకుండా సెంటర్ మొత్తానికి అయిన ఆస్తిపన్నులో, ఇన్సూరెన్సులో, ఉమ్మడి స్థలాల నిర్వహణ ఖర్చులో ప్రతి దుకాణమూ తన వాటా భరించాలి. ఆ మూడోదే క్యామ్: పార్కింగ్ లాట్ ఊడ్పించడం, దీపాలు, మొక్కలు, చిన్నచిన్న మరమ్మతులు. ఏడాది మొదట్లో ల్యాండ్‌లార్డ్ ఒక అంచనా వేసి దాన్ని పన్నెండు భాగాలు చేసి అద్దెతో పాటు వసూలు చేస్తాడు. ఏడాది గడిచాక అసలు ఖర్చుతో పోల్చి, తక్కువ కట్టి ఉంటే బిల్లు, ఎక్కువ కట్టి ఉంటే క్రెడిట్ ఇవ్వాలి. ఆ పోలికే రికన్సిలియేషన్.

చాలామంది స్టేట్‌మెంట్‌ని చేతిలో పట్టుకుని "మొక్కలకు పదహారు వేలా?" అని మొదలుపెడతారు. మొక్కలకు పదహారు వేలు నిజంగానే అయి ఉంటాయి. డబ్బు పోయేది అక్కడ కాదు. ఏ ఖర్చు మన మీద వేయడానికి వీలుంది, దాన్ని ఎంతతో భాగించారు, దాని మీద ఇంకేం కలిపారు అన్న మూడు చోట్ల పోతుంది. ఆ మూడింటికీ జవాబు స్టేట్‌మెంట్‌లో ఉండదు, లీజులో ఉంటుంది. అందుకే ముందు లీజు తీశాను, దానితో పాటు తర్వాత సంతకం పెట్టిన సవరణలన్నీ తీశాను. సవరణలో ఒక్క లైన్ ఉన్నా అసలు లీజులోని మాట చెల్లదు కదా. దుకాణాలవాళ్ళ దగ్గర అసలు లీజు ఉంటుంది కానీ సవరణలు ఏ ఈమెయిల్లోనో మిగిలిపోతాయి.

ఈ లీజులో పనికొచ్చే మాటలు ఇవి. దుకాణం విస్తీర్ణం 2,400 చదరపు అడుగులు. వాటా అంటే ఆ విస్తీర్ణాన్ని సెంటర్ మొత్తం గ్రాస్ లీజబుల్ ఏరియాతో, అంటే ఖాళీలతో సహా అద్దెకివ్వగల విస్తీర్ణమంతటితో, భాగిస్తే వచ్చే శాతం. పెట్టుబడి తరహా పనుల ఖర్చును ఒకే ఏడాది వేయకూడదు, ఆ పని ఎన్నేళ్ళు పనికొస్తుందో అన్నేళ్ళకు సమానంగా పంచి ఏడాదికి ఒక భాగమే వేయాలి. మేనేజ్‌మెంట్ ఫీజుకు బదులుగా క్యామ్ మీద 15 శాతం అడ్మిన్ ఫీజు వేసుకోవచ్చు, కానీ పన్ను, ఇన్సూరెన్స్, పెట్టుబడి పనుల మీద అది వేయకూడదు. కంట్రోలబుల్ ఖర్చులు, అంటే కరెంటు, నీళ్ళు, పన్ను, ఇన్సూరెన్స్, పెట్టుబడి పనులు తీసేయగా మిగిలిన క్యామ్, ముందటి ఏడాది కంటే 5 శాతానికి మించి పెరగకూడదు, ఈ పరిమితే క్యాప్. స్టేట్‌మెంట్ అందిన 120 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అది ఒప్పుకున్నట్టే.

ఆ చివరి షరతును మొదట క్యాలెండర్‌లో రాసుకున్నాను. గడువు ఒక్కో లీజులో ఒక్కోలా ఉంటుంది. 60 రోజులు ఉన్నవీ ఉన్నాయి, ఏడాది ఉన్నవీ ఉన్నాయి. అది దాటాక ఎంత పెద్ద తప్పు దొరికినా వాదనకు బలం ఉండదు.

ఇక స్టేట్‌మెంట్. సెంటర్ మొత్తానికి 2024లో అయిన ఖర్చు ఇలా చూపించారు:

మొక్కలు, పచ్చిక: 16,000
ఊడ్పించడం, చెత్త ఏరడం: 12,000
కరెంటు, నీళ్ళు: 14,000
మరమ్మతులు: 68,000
మేనేజ్‌మెంట్ ఫీజు: 30,000
వీటి మీద 15 శాతం అడ్మిన్ ఫీజు: 21,000
ఇన్సూరెన్స్: 32,000
ఆస్తిపన్ను: 1,20,000
మొత్తం: 3,13,000 డాలర్లు

మీ వాటా 6.667 శాతం, అంటే 20,866.67. మీరు కట్టింది 14,850. బాకీ 6,016.67. కాగితం మీద ఉన్నది ఇంతే.

మొదట వాటా. 6.667 శాతం రావాలంటే 2,400ని 36,000తో భాగించాలి. కానీ లీజుకు జతచేసిన సైట్ ప్లాన్‌లో సెంటర్ విస్తీర్ణం 40,000 అని ఉంది. దాన్ని మరో రెండు చోట్ల సరిచూశాను. సెంటర్‌లో ఖాళీగా ఉన్న దుకాణాన్ని అద్దెకివ్వడానికి బ్రోకర్ పెట్టిన కరపత్రంలో సెంటర్ విస్తీర్ణం 40,000, ఖాళీ 4,000 అని ఉంది. పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అడ్రస్‌తో వెతికితే భవనం విస్తీర్ణం దాదాపు అంతే చూపించింది. అప్రైజల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు గోడల బయటి కొలత తీసుకుంటారు కాబట్టి అచ్చంగా కలవదు, ఒకటి రెండు శాతం తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఇక్కడ తేడా పది శాతం. ఖాళీగా ఉన్న 4,000 అడుగుల్ని హారంలోంచి తీసేశారన్నమాట. అలా చేస్తే ఖాళీ దుకాణం మోయాల్సిన వాటాను ఉన్న దుకాణాలన్నీ కలిసి మోస్తాయి.

అది తప్పా, ఒప్పా అన్నది మళ్ళీ లీజు మాట మీదే ఆధారపడుతుంది. గ్రాస్ లీజబుల్ ఏరియా అని రాసి ఉంటే ఖాళీల భారం ల్యాండ్‌లార్డ్‌ది. "లీజుకిచ్చిన విస్తీర్ణం" అనో, "అద్దెదారులు ఉన్న విస్తీర్ణం" అనో రాసి ఉంటే 36,000తో భాగించడమే సరి, మనం చేయగలిగింది ఏమీ లేదు. అలాంటి లీజు మీద సంతకం పెట్టేముందే "హారం మొత్తం విస్తీర్ణంలో 90 శాతానికి తగ్గకూడదు" అన్న మాట చేర్పించుకోవాలి. పెద్ద కిరాణా స్టోర్ ఉన్న సెంటర్లలో ఇంకో చిక్కు ఉంటుంది. ఆ స్టోర్ తన వాటాను వేరుగా ఒప్పందం చేసుకుని కడుతుంది. దాని విస్తీర్ణాన్ని హారంలోంచి తీసేస్తే, అది కట్టిన డబ్బును కూడా మొత్తం ఖర్చులోంచి తీసేయాలి. ఒకటి చేసి రెండోది మరిచిపోవడం నేను పదేపదే చూసే తప్పు. హైదరాబాద్ ఆఫీసు లీజుల్లో సూపర్ బిల్టప్ విస్తీర్ణానికి చదరపు అడుగుకు ఇంత అని క్యామ్ కట్టేవాళ్ళకు కూడా ఈ హారం గొడవ వర్తిస్తుంది, ఖర్చును అసలు లెక్క ప్రకారం పంచే లీజయితే.

లీజు ప్రకారం 2,400ని 40,000తో భాగిస్తే 6 శాతం. ఖర్చుల్ని వేటినీ ప్రశ్నించకుండానే ఈ ఒక్క సవరణతో 20,866.67 కాస్తా 18,780 అవుతుంది.

తర్వాత ఫీజులు. మేనేజ్‌మెంట్ ఫీజుకు బదులుగా అడ్మిన్ ఫీజు అని లీజులో ఉంది. స్టేట్‌మెంట్‌లో రెండూ ఉన్నాయి. అంతేకాదు, మేనేజ్‌మెంట్ ఫీజు మీద కూడా 15 శాతం అడ్మిన్ ఫీజు వేశారు. 30,000కు మన వాటా 1,800, దాని మీద ఫీజు 270, కలిపి 2,070. ఇది మోసమని నేను అనను. మేనేజ్‌మెంట్ కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో సెంటర్ మొత్తానికి ఒకే ఖర్చుల గుంపు పెట్టుకుంటారు. ఒక్కో అద్దెదారు లీజులో ఉన్న మినహాయింపుల్ని విడిగా నమోదు చేస్తేనే లెక్క సరిగ్గా వస్తుంది. కొత్త కంపెనీ చేతికి వచ్చిన ఏడాది ఆ నమోదు సగమే జరుగుతుంది. ఈ సెంటర్‌కి కూడా 2024 మధ్యలోనే మేనేజ్‌మెంట్ మారింది.

ఆ మార్పు ఇంకో చోట కనిపించింది. నెలకు 1,350 చొప్పున పన్నెండు నెలలకు 16,200 అవ్వాలి, స్టేట్‌మెంట్‌లో 14,850 ఉంది. సరిగ్గా ఒక నెల తక్కువ. బ్యాంకు రికార్డులో పన్నెండు చెల్లింపులూ ఉన్నాయి. మేనేజ్‌మెంట్ మారిన నెలలో పాత కంపెనీ ఖాతాకు వెళ్ళిన డబ్బు కొత్త ఖాతా పుస్తకంలోకి ఎక్కలేదు. మేనేజ్‌మెంట్ మారకపోయినా ఈ తేడా రావచ్చు. జనవరి ఎస్టిమేట్‌ని డిసెంబరు చివర్లో పంపితే అది ముందటి ఏడాదిలో పడిపోతుంది, లేదా మొత్తం చెల్లింపును అసలు అద్దె కిందే రాసేసుకుంటారు. భవనం అమ్ముడుపోయిన ఏడాది అయితే మరీ జాగ్రత్తగా చూడాలి. పాత యజమాని వసూలు చేసిన ఎస్టిమేట్లు కొత్త యజమాని లెక్కలోకి రావాల్సిందే. అద్దెదారు లెడ్జర్ కాపీ అడిగి, దాని పక్కన బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టి నెలనెలా టిక్కులు పెట్టుకుంటే ఈ తప్పు పావుగంటలో బయటపడుతుంది.

మిగిలింది మరమ్మతుల లైన్. ముందటి ఏడాది స్టేట్‌మెంట్‌ని పక్కన పెట్టి చూస్తే 2023లో మరమ్మతులు 14,000, 2024లో 68,000. ఒక లైన్ ఇలా ఒక్కసారిగా ఎగిరిందంటే లోపల ఏదో పెద్ద పని దాగి ఉంది. అది ఏమిటో తెలియాలంటే ఇన్వాయిస్‌లు కావాలి, ఇన్వాయిస్‌లు కావాలంటే ఉత్తరం రాయాలి.

దుకాణం యజమాని అడిగిన మొదటి ప్రశ్న, "అన్నా, తేలేదాకా కట్టకుండా ఆపేద్దామా?" అని. వద్దన్నాను. ఈ లీజులో క్యామ్‌ని కూడా అదనపు అద్దె అనే రాశారు. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 93.002 సెక్షన్ ప్రకారం వాణిజ్య అద్దెదారు అద్దె బాకీ పడితే ల్యాండ్‌లార్డ్ తాళాలు మార్చి, కొత్త తాళంచెవి ఎక్కడ దొరుకుతుందో చెప్పే నోటీసు ముందు తలుపుకు అంటించవచ్చు. బాకీ కడితేనే తాళంచెవి ఇస్తారు. లీజులో వేరే మాట ఉంటే అదే చెల్లుతుంది, కానీ మన లీజుల్లో ఉండే మాట సాధారణంగా ల్యాండ్‌లార్డ్‌కే అనుకూలం. పండగ సీజన్‌లో మిఠాయి దుకాణానికి తాళం పడితే పోయేది ఆరు వేలు కాదు. అందుకే బిల్లు మొత్తం గడువులోపు కట్టించి, చెక్కుతో పాటు "అభ్యంతరంతో, హక్కులు వదులుకోకుండా కడుతున్నాం" అని ఉత్తరం పెట్టించాను. పెంచిన 1,739 ఎస్టిమేట్ కూడా అదే షరతుతో కట్టించాను.

ఉత్తరం ఎక్కడికి పంపాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ గడువు వాదన దాని మీదే నిలుస్తుంది. మేనేజర్‌కి ఈమెయిల్ పంపితే నోటీసు ఇచ్చినట్టు కాదు. లీజులో నోటీసుల షరతు కింద ఏ అడ్రస్, ఏ పద్ధతి ఉందో అలాగే పంపాలి. ఇక్కడ ల్యాండ్‌లార్డ్ ఆఫీసుకు సర్టిఫైడ్ మెయిల్, అందినట్టు రసీదుతో. ఈమెయిల్ దానికి తోడుగా పంపాం, బదులుగా కాదు.

ఉత్తరంలో కోపం మాటలేవీ లేవు. వాటా లెక్కలో వాడిన విస్తీర్ణం ఎంత, ఎందుకు అని అడిగాం. మేనేజ్‌మెంట్ ఫీజు, అడ్మిన్ ఫీజు రెండూ ఏ షరతు ప్రకారం వేశారో చూపమన్నాం. కట్టిన పన్నెండు చెల్లింపుల తేదీలు జతచేశాం. క్యామ్ ఖాతాల జనరల్ లెడ్జర్, వెయ్యి డాలర్లు దాటిన ఇన్వాయిస్‌ల కాపీలు, 5 శాతం క్యాప్ లెక్క వేసిన కాగితం, పన్ను రసీదులు, ఇన్సూరెన్స్ ప్రీమియం బిల్లు పంపమన్నాం. ఉత్తరంలో టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 93.012 సెక్షన్‌ని కూడా ప్రస్తావించాం. లీజులో మొత్తం గానీ, లెక్కకట్టే పద్ధతి గానీ చెప్పని ఛార్జీని అద్దెదారు మీద వేయకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. దురుద్దేశంతో వేస్తే 100 డాలర్ల జరిమానా, తప్పుగా వేసిన మొత్తానికి మూడింతలు, లాయర్ ఖర్చులు ల్యాండ్‌లార్డ్ నెత్తిన పడతాయి. అయితే చాలా టెక్సస్ లీజుల్లో చివరి పేజీల్లో ఎక్కడో "అద్దెదారు 93.012 కింద హక్కుల్ని వదులుకుంటున్నాడు" అని ఒక వాక్యం ఉంటుంది. ముందు అది ఉందో లేదో చూసుకుని తర్వాతే ప్రస్తావించాలి. ఈ లీజులో లేదు.

లెడ్జర్ ఎక్సెల్ షీట్‌గా వచ్చింది. పెద్ద మొత్తాల ఎంట్రీలు పైకి వచ్చేలా సార్ట్ చేస్తే పార్కింగ్ లాట్ కాంట్రాక్టర్ పేరు మీద రెండు ఎంట్రీలు, ఒక్కోటి 25,000. ఇన్వాయిస్‌లో పని వివరం: పై పొర గీకేసి రెండు అంగుళాల కొత్త తారు వేయడం. దీన్నే మిల్ అండ్ ఓవర్‌లే అంటారు. గుంతలు పూడ్చడం, రెండు మూడేళ్ళకోసారి పూసే సీల్‌కోట్, గీతలు మళ్ళీ గీయడం నిర్వహణ కిందికి వస్తాయి, వాటికి అభ్యంతరం చెప్పడం దండగ. కొత్త పొర వేయడం మాత్రం ఏళ్ళ తరబడి పనికొచ్చే పని, పెట్టుబడి ఖర్చు. ఇన్వాయిస్‌లో తేడా పట్టడం కష్టం కాదు: చదరపు గజాల లెక్క, మందం అంగుళాల్లో, కొత్త తారు టన్నుల్లో ఉంటే అది మరమ్మతు కాదు. పైకప్పుకీ ఇదే సూత్రం. కారే చోట అతుకు వేస్తే నిర్వహణ, మొత్తం పొర మారిస్తే పెట్టుబడి. బిల్లును రెండు ముక్కలు చేయడం వెనక దురుద్దేశమే ఉండాలని లేదు. కాంట్రాక్టర్లు సగం ముందు, సగం తర్వాత తీసుకోవడం మామూలే. కానీ ముక్కలుగా ఉంటే పెద్ద పని చిన్నదిగా కనిపిస్తుంది, అందుకే కాంట్రాక్టర్ పేరు వారీగానూ కూడి చూడాలి.

లీజు ప్రకారం ఈ 50,000ని పంచాలి. ఎన్నేళ్ళకి? కాంట్రాక్టర్ ప్రతిపాదనలో ఆ పొర సుమారు పదేళ్ళు ఉంటుందని రాసి ఉంది, దాన్నే పట్టుకున్నాం. ఏడాదికి 5,000. పెట్టుబడి పని మీద అడ్మిన్ ఫీజు లేదు కాబట్టి దాని మీద వేసిన 7,500 కూడా పోతుంది. మన వాటాగా లెక్కిస్తే తగ్గింది 3,150 డాలర్లు. స్టేట్‌మెంట్‌లో అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. పేజీ మీద మాత్రం "మరమ్మతులు" అన్న ఒక్క మాట కింద దాగి ఉంది.

లెడ్జర్‌లో ఇంకా ఏమేం చూస్తానంటే: ఆ ఏడాదివి కాని తేదీలు, రెండుసార్లు ఎక్కిన ఇన్వాయిస్ నంబర్లు, అదే కంపెనీ నడిపే వేరే సెంటర్ అడ్రస్ ఉన్న బిల్లులు, ఇంకో అద్దెదారుని ఖాళీ చేయించడానికి లాయర్‌కిచ్చిన ఫీజు, ఖాళీ దుకాణం కరెంటు బిల్లు. ఈ లెడ్జర్‌లో అవేవీ దొరకలేదు.

పన్ను, ఇన్సూరెన్స్ రెండూ సరిపోయాయి. మొత్తం బిల్లులో పన్నే అతి పెద్దది కాబట్టి దాన్ని చూడకుండా వదలకూడదు, పైగా చూడటం అన్నిటికంటే తేలిక. కౌంటీ పన్ను కార్యాలయం వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే ఎవరైనా బిల్లు చూడొచ్చు. టెక్సస్‌లో అప్రైజల్ నోటీసులు ఏప్రిల్ ప్రాంతంలో వస్తాయి, బిల్లులు అక్టోబరు ప్రాంతంలో, కట్టడానికి గడువు జనవరి 31. కాబట్టి 2024 పన్నును కొందరు 2025 జనవరిలో కడతారు. ఖర్చును ఏ ఏడాదిలో రాయాలన్నదానికి రెండు పద్ధతులూ ఒప్పే, ఏటా ఒకే పద్ధతి పాటిస్తే చాలు. మధ్యలో పద్ధతి మారిస్తే ఒకే ఏడాదిలో రెండు బిల్లులు పడతాయి, అది చూసుకోవాలి. ఆలస్య రుసుము కలిసి ఉంటే అది ల్యాండ్‌లార్డ్ సొంత ఖర్చు. సెంటర్ ముందు విడిగా ఉన్న బ్యాంకు భవనం, పెట్రోలు బంకు లాంటివి వేరే పార్సెల్, అంటే పన్ను రికార్డులో విడి స్థలం, అయితే వాటి పన్ను ఇందులో కలిసిందేమో కూడా పార్సెల్ నంబర్లతో చూడొచ్చు.

చివరికి క్యాప్. అసలు వాదన అంతా దీని దగ్గరే జరిగింది, డబ్బు మాత్రం ఇందులోనే అన్నిటికంటే తక్కువ. ఓవర్‌లే తీసేశాక కంట్రోలబుల్ ఖర్చులు: మొక్కలు 16,000, ఊడ్పించడం 12,000, అసలు మరమ్మతులు 18,000, మొత్తం 46,000. 2023లో ఇవే 15,000, 11,000, 14,000, మొత్తం 40,000. 5 శాతం పెరిగితే 42,000. పైనున్న 4,000 వేయకూడదు. ల్యాండ్‌లార్డ్ తరఫు అకౌంటెంట్ క్యాప్‌ని మొదటి ఏడాది నుంచి ఏటేటా చక్రవడ్డీలా పెంచుకుంటూ వచ్చారు. లీజు మొదటి ఏడాది 2021లో 38,000. దాన్ని మూడుసార్లు 5 శాతం చొప్పున పెంచితే 43,990 అవుతుంది, అంతవరకు వేయొచ్చని వాళ్ళ వాదన. లీజులో "క్యుములేటివ్" అన్న మాట ఉంటే వాళ్ళదే నిజం. ఇందులో "ముందటి ఏడాది కంటే" అనే ఉంది. పైగా వాళ్ళ లెక్కలోనూ 46,000 నిలవదు. మన లెక్క ప్రకారం 4,000లో వాటా 240, దాని మీద అడ్మిన్ ఫీజు 36, మొత్తం 276.

అన్నీ సరిచేసి మళ్ళీ కూడితే ఇలా వచ్చింది:

కంట్రోలబుల్ ఖర్చులు, క్యాప్ తర్వాత: 42,000
కరెంటు, నీళ్ళు: 14,000
ఈ రెండింటి మీద 15 శాతం: 8,400
ఓవర్‌లే, పదో వంతు: 5,000
ఇన్సూరెన్స్: 32,000
ఆస్తిపన్ను: 1,20,000
మొత్తం: 2,21,400
6 శాతం వాటా: 13,284 డాలర్లు

ఏడాదిలో కట్టింది 16,200. అంటే 6,016 బాకీ ఉండటం కాదు, ల్యాండ్‌లార్డే 2,916 వెనక్కి ఇవ్వాలి. అభ్యంతరంతో కట్టిన 6,016.67 కూడా తిరిగి రావాలి. ఈ పేజీని లీజు షరతుల నంబర్లతో కలిపి పంపాం. ఒక్కో సవరణకు ఎదురుగా ఏ పేజీ, ఏ పేరా అన్నది రాస్తే అవతలి అకౌంటెంట్ పని సులువవుతుంది, జవాబూ తొందరగా వస్తుంది. వాళ్ళకీ పై అధికారికి చూపించడానికి కాగితం కావాలి మరి.

వాటా, ఫీజు, ఓవర్‌లే, ఎక్కని చెల్లింపు నాలుగింటినీ ఒప్పుకున్నారు. క్యాప్ 276 దగ్గర ఆగారు. ఈ ఏడాదికి దాన్ని వదిలేయండి, మిగతాదంతా వెంటనే ఇచ్చేస్తామన్నారు. 276 కోసం నెలలు సాగదీయడం దండగే, కానీ అందులో ఒక ఉచ్చు ఉంది. ఈ ఏడాది 46,000ని ఒప్పుకుంటే వచ్చే ఏడాది 5 శాతం ఆ 46,000 మీద మొదలవుతుంది, 42,000 మీద కాదు. అది ఏటా మోయాల్సిన బరువు. అందుకని 276 వదులుకుంటూనే, "2025 క్యాప్ లెక్కకు ఆధారం 42,000, క్యాప్ క్యుములేటివ్ కాదు" అని ల్యాండ్‌లార్డ్ సంతకంతో ఒక ఉత్తరం తీసుకున్నాం. క్రెడిట్ 2,640కి తేలింది, అభ్యంతరంతో కట్టిన డబ్బు దానికి తోడు.

ఎస్టిమేట్ సంగతి జనం మరిచిపోతారు. తప్పు స్టేట్‌మెంట్‌లోని 20,866.67ని పన్నెండుతో భాగించే 1,739 పెట్టారు. స్టేట్‌మెంట్ మారితే అదీ మారాలి. ఒప్పుకున్న 13,560ని పన్నెండుతో భాగించి 1,130కి దింపించాం. ఆలోపు 1,739 చొప్పున కట్టిన నెలల తేడాను తర్వాతి నెలల్లో సర్దారు. లేకపోతే ఆ డబ్బు మరుసటి ఏప్రిల్ దాకా వాళ్ళ దగ్గరే ఉండేది.

2023 స్టేట్‌మెంట్‌లోనూ ఖాళీ దుకాణాన్ని తీసేసి 36,000తోనే భాగించారు. కానీ అది అందిన 120 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. అడిగాం, ఇవ్వలేదు, వాళ్ళ పక్షాన లీజు ఉంది. ఆ మొత్తం వదులుకోక తప్పలేదు.

ఇంకొక్క జాగ్రత్త. ఈ గొడవ నడుస్తుండగానే ల్యాండ్‌లార్డ్ బ్యాంకు అప్పు కోసం ఎస్టాపెల్ సర్టిఫికెట్ మీద, అంటే లీజు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో అద్దెదారు ధ్రువీకరించే కాగితం మీద, సంతకం అడిగారు. అందులో "ల్యాండ్‌లార్డ్ మీద అద్దెదారుకు ఎలాంటి క్లెయిమ్ లేదు" అన్న వాక్యం ఎప్పుడూ ఉంటుంది. కళ్ళు మూసుకుని సంతకం పెడితే రాసిన ఉత్తరాలన్నీ వృథా, బ్యాంకు గానీ తర్వాత కొన్నవాళ్ళు గానీ ఆ కాగితాన్నే చూపిస్తారు. సంతకం నిరాకరించడం కూడా కుదరదు, లీజు ప్రకారం పది పదిహేను రోజుల్లో ఇచ్చి తీరాలి. ఆ వాక్యం పక్కన "2024 క్యామ్ రికన్సిలియేషన్ మీద మా అభ్యంతరం తప్ప" అని రాసి, అభ్యంతరం ఉత్తరం తేదీ వేసి, కాపీ జతచేసి సంతకం పెట్టించాను. అది అలాగే తీసుకున్నారు.